“నో వరీస్”కి “పర్లేదు” ఎందుకు అతకడం లేదు? థాంక్స్‌కి ఇచ్చే జవాబుల మీద మీ సలహా కావాలి

మాటలగది

అందరికీ నమస్కారం. నేను డబ్బింగ్‌కి మాటలు రాస్తాను. ఇప్పుడు చేస్తున్న ఇంగ్లీష్ సీరియల్లో ఒకే ఒక్క మాట దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను.

సీను ఇది. పక్కింటాయన రాత్రంతా ఆస్పత్రిలో ఒకావిడ తల్లికి తోడుగా కూర్చున్నాడు. తెల్లారాక కూతురు పరుగున వచ్చి, తల్లి నిద్రపోతోందని చూసుకుని, ఆయన వైపు తిరిగి మెల్లగా “థాంక్యూ” అంటుంది. ఆయన కుర్చీ మీది కోటు తీసుకుంటూ “నో వరీస్” అంటాడు. అంతే. సీను అయిపోతుంది.

నేను “పర్లేదు” అని రాశాను. మూడు అక్షరాలకి మూడు అక్షరాలు, అర్థమూ అదే అనుకున్నాను. ఆర్టిస్టు చక్కగా చెప్పాడు. ప్లే చేసి విన్నాక మాత్రం గదిలో ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి సౌండ్ ఇంజనీరు “ఆయన రాత్రంతా ఇబ్బంది పడి, సరేలే అని క్షమించినట్టుంది కదండీ” అన్నారు. మళ్ళీ విన్నాను. నిజంగా అలాగే ఉంది. ఇంగ్లీషులో ఎంతో ఆప్యాయంగా ఉన్న మాట తెలుగులో ముక్తసరిగా ఎందుకైపోయింది?

ఇదే ఎపిసోడ్‌లో హోటల్ రిసెప్షన్ అమ్మాయి “మై ప్లెజర్” అంటుంది. ఒక పెద్దాయన “డోంట్ మెన్షన్ ఇట్” అంటాడు. మూడింటికీ ఒకే తెలుగు మాట పెట్టేస్తే పని అయిపోతుంది కానీ మనసొప్పడం లేదు. వేరే భాషలు తెలిసినవాళ్ళు అక్కడ ఏమంటారో, ఎందుకలా అంటారో చెబితే నాకు దారి దొరుకుతుందని అడుగుతున్నాను.

కిట్టు_98

నాకైతే “పర్లేదు” బాగానే ఉందన్నా. రోజుకి పదిసార్లు అంటాను. ఎవరైనా “థాంక్స్ రా” అంటే “పర్లేదు రా” అంటాం, ఎవరూ ఏమీ అనుకోరు. మీరు మరీ లోతుగా వెళ్తున్నారేమో.

సుధారాణి

థాంక్యూ అనే మాటనే ఎందుకు ఉంచారండీ? మనకి “ధన్యవాదాలు” ఉంది, “కృతజ్ఞతలు” ఉంది. ఆ అమ్మాయి చేత “ధన్యవాదాలండీ” అనిపిస్తే సీను ఇంకా నిండుగా ఉంటుంది. అసలు ధన్యవాదాలకీ కృతజ్ఞతలకీ తేడా మీద ఒకసారి ఇక్కడే పెద్ద చర్చ జరిగింది, వెతికి చూడండి.

మాటలగది

సుధారాణి గారూ, ఆ మాటతో నాకు ఇబ్బంది లేదండీ. రాత్రంతా ఏడ్చిన మనిషి ఆ క్షణంలో “ధన్యవాదాలు” అనదు, “థాంక్యూ” అనే అంటుంది. నా గొడవ దానికి ఆయన ఇచ్చే జవాబుతో.

కిట్టూ, నువ్వన్నది నిజమే. పెన్ను ఇచ్చినందుకు థాంక్స్ అంటే నేనూ “పర్లేదు” అంటాను. ఇక్కడ ఎందుకు గుచ్చుకుంటోందో అదే అర్థం కావడం లేదు.

నిర్మొహమాటం

దీనికింత ఆలోచన అక్కర్లేదు. ప్రపంచంలో ప్రతి భాషా ఇక్కడ ఒకటే మాట అంటుంది: “ఏమీ లేదు”. ఫ్రెంచివాళ్ళు “ద రియాఁ”, స్పానిష్‌వాళ్ళు “దె నాద”, వియత్నాంవాళ్ళు “ఖోంగ్ కో జీ”. అన్నిటికీ అర్థం “ఏం లేదు” అనే. రష్యన్‌లో “నే జా ష్తో” అంటారు, అంటే “దేనికీ కాదు” అని. కాబట్టి మీరూ “ఏం లేదండీ” అని రాసి ముందుకెళ్ళండి. అదే మానవ సహజం.

శేషగిరి

ముప్ఫై ఏళ్ళు ఫ్రెంచ్, జర్మన్ పాఠాలు చెప్పాను. ఇతర భాషల్లో కొన్నిటితో పరిచయం ఉంది. కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

నిర్మొహమాటం గారు ఇచ్చిన ఉదాహరణలన్నీ సరైనవే. “ప్రతి భాషా” అన్నది మాత్రం సరికాదు. ఇండోనేషియావాళ్ళు “సామా సామా” అంటారు, అంటే “ఇద్దరికీ సమానమే” అని. డేనిష్‌వాళ్ళు “సెల్ టాక్” అంటారు, “థాంక్స్ చెప్పాల్సింది నీకే” అన్నట్టు. హంగేరియన్‌లో “సీవెషెన్” అంటే “మనస్ఫూర్తిగా”. వీటిలో “ఏమీ లేదు” అన్న ఊసే లేదు.

ఇంకో పెద్ద గుంపు ఉంది. ఇటాలియన్ “ప్రేగో”, జర్మన్ “బిట్టె”, పోలిష్ “ప్రొషె”, గ్రీకు “పరకలో”, పర్షియన్ “ఖాహెష్ మీకొనమ్”, టర్కిష్ “రిజా ఎదెరిమ్”. ఇవన్నీ “వేడుకుంటున్నాను” అనే మాటలు. ప్లీజ్ అన్నచోట కూడా వీటిలో చాలావాటినే వాడతారు. సాయం అందుకున్నవాడు కాదు, సాయం చేసినవాడే బతిమాలుతున్నాడన్నమాట.

ఇక “ద రియాఁ”, “దె నాద” సంగతి. వీటిని విడిగా చూస్తే సగమే అర్థమవుతాయి. పోర్చుగీసులో థాంక్స్‌ని “ఒబ్రిగాదు” అంటారు, ఆడవాళ్ళయితే “ఒబ్రిగాద”. ఆ మాటకి అర్థం “కట్టుబడిపోయాను”. అంటే మనం “మీకు రుణపడి ఉంటాను” అనడం లాంటిదే. దానికి అవతలివాళ్ళు “దె నాద” అంటే, ఆ వాక్యానికి తోక తగిలించినట్టు: “రుణపడ్డాను”, “దేనికీ కాదు”. అక్కడ కొట్టేస్తున్నది ఖాతాలో రాసిన పద్దుని.

మాటలగది గారి ప్రశ్నకి దారి ఇక్కడుందని నాకనిపిస్తోంది. జవాబిచ్చేవాడు ఏదో ఒకదాన్ని కొట్టేస్తున్నాడు. ఏ భాషలో దేన్ని కొట్టేస్తున్నాడో చూడాలి.

సలీం_భాయ్

శేషగిరి సార్, చాలా బాగా చెప్పారు. నేను పదకొండేళ్ళు అరబ్బులతో కలిసి పని చేశాను. వాళ్ళు “షుక్రన్” అంటే “అఫ్వన్” అంటారు. మొదట్లో నాకు అయోమయంగా ఉండేది, ఎందుకంటే మనిషిని దాటుకుని వెళ్ళేటప్పుడు కూడా అదే “అఫ్వన్” అంటారు. “క్షమించండి” అని దాని అర్థం. సాయం చేసినవాడు క్షమించమని అడగడమేమిటి అనుకునేవాణ్ణి.

ఇంకొకటి ఉంది, అది నాకు మరీ ఇష్టం. “లా షుక్ర్ అలా వాజిబ్”. కర్తవ్యానికి థాంక్స్ ఉండదు, అని. ఒకసారి మా ఫోర్‌మన్ నా కాగితాల పని మీద సెలవు రోజున కూడా తిరిగాడు. నేను థాంక్స్ చెబితే ఈ మాట అన్నాడు. “నేను చేసింది చిన్న పని” అనలేదాయన, “నేను చేయాల్సిన పని” అన్నాడు. ఆ రెండిటికీ చాలా తేడా ఉందని ఆ రోజు తెలిసింది.

కిట్టు_98

అన్నా, “నో వరీస్” అసలు ఆఫ్రికా మాట కదా? స్వాహిలీలో “హకూనా మటాటా” అంటారు, దాన్నే ఇంగ్లీషులోకి మార్చుకున్నారని ఎక్కడో చదివాను.

శేషగిరి

అర్థం వరకూ నిజమే బాబూ, “హకూనా మటాటా” అంటే “ఇబ్బందులేమీ లేవు”. కానీ “నో వరీస్” ఆస్ట్రేలియా ఇంగ్లీషులో పుట్టింది. 1960ల నాటికే అక్కడ అచ్చులో కనిపిస్తుంది. బ్రిటన్‌కీ అమెరికాకీ తర్వాత పాకింది. పైగా స్వాహిలీలో ఎవరైనా “అసాంతె” అని థాంక్స్ చెబితే జవాబు “హకూనా మటాటా” కాదు, “కారిబు”. అంటే “రండి, దగ్గరికి రండి”. ఇంటికొచ్చినవాళ్ళనీ ఆ మాటతోనే పిలుస్తారు.

హిమజ

ఇక్కడ నా అనుభవం పనికొస్తుందనుకుంటున్నాను. నేను చైనీస్ నేర్చుకుంటున్నాను, ఇది నాలుగో ఏడు. మొదటి ఏడాది ఒక తప్పు చేసేదాన్ని. ఎవరైనా థాంక్స్ అంటే “మెయ్ గ్వాన్‌షి” అనేదాన్ని, “ఏం ఫర్వాలేదు” అనే ఉద్దేశంతో. మా టీచర్ ప్రతిసారీ చిన్నగా నవ్వేవారు. చివరికి ఒకరోజు చెప్పారు, “నేను నీకు సారీ చెప్పలేదు కదా” అని.

అప్పుడు తెలిసింది. “మెయ్ గ్వాన్‌షి” అన్నది ముఖ్యంగా సారీకి జవాబు. థాంక్స్‌కి “బూ ఖఃచి” అనాలి. “ఖః” అంటే అతిథి. “అతిథిలా మర్యాదలు చెయ్యకు” అన్నట్టు ఉంటుంది దాని అర్థం, అంటే మనమధ్య అంత లాంఛనం వద్దని. “మెయ్ షి” అనే ఇంకో మాట రెండు చోట్లా చెల్లుతుంది, స్నేహితుల మధ్య. నేను తెలుగులో ఆలోచించి మాట్లాడేదాన్ని కాబట్టి రెంటినీ కలిపేశాను. మన “పర్లేదు” సారీకీ థాంక్స్‌కీ రెండిటికీ వస్తుంది కదా!

మాటలగది గారూ, మీ సీనులో చిక్కు ఇదేనేమో అనిపిస్తోంది. “పర్లేదు” వినగానే మన చెవి ముందు సారీని వెతుక్కుంటోంది.

శేషగిరి

హిమజ గారూ, మీరు నేరుగా విషయం దగ్గరికే తెచ్చారు.

“పర్లేదు” మాటని విప్పి చూడండి. అది “పర్వా లేదు”. పర్వా మనకి ఉర్దూ మీదుగా వచ్చిన పర్షియన్ మాట, అర్థం చింత, లక్ష్యం. “వాడు ఎవర్నీ పర్వా చెయ్యడు” అంటాం చూడండి, అదే పర్వా. కన్నడంలో “పర్వాగిల్ల”, తమిళంలో “పరవాయిల్లై” కూడా అక్కడివే. అంటే అక్షరాలా చూస్తే “పర్లేదు” అన్నది “నో వరీస్”కి అచ్చమైన తోబుట్టువు. మాటలగది గారు పదానికి పదం ఇంతకంటే దగ్గరగా అనువదించలేరు. అయినా అతకలేదు.

ఎందుకంటే మన మాట ఎక్కడెక్కడ తిరుగుతుందో చూడండి. కాలు తొక్కి సారీ అంటే “పర్లేదు”. పరీక్ష ఎలా రాశావంటే “పర్లేదు”. నీళ్ళు చల్లగా లేవు, తాగుతారా అంటే “పర్లేదు”. ప్రతిచోటా ఏదో కొంచెం తక్కువైంది, అయినా సరిపెట్టుకుంటున్నాను అనే భావం. పెన్ను ఇచ్చినప్పుడు ఆ తక్కువ ఎంతో చిన్నది, ఎవరికీ పట్టదు. అందుకే కిట్టు అన్నది తప్పు కాదు. రాత్రంతా మేలుకున్న మనిషి “పర్లేదు” అంటే మాత్రం నిద్ర పోయిందన్న లెక్క పైకొస్తుంది. ఎంత పెద్ద సాయమైతే అంత గట్టిగా వినిపిస్తుంది.

ఇంగ్లీషులోనూ “నో వరీస్” మీద పెద్దవాళ్ళు కొందరు ఇదే ఫిర్యాదు చేస్తారు. నేను థాంక్స్ చెప్పాను కానీ నాకు దిగులుగా ఉందని చెప్పలేదే అంటారు. ఫ్రెంచిలో “పా ద సూసి” అని దీనికి సరిజోడు ఉంది. ఫ్రెంచ్ అకాడమీ దాన్ని అతిగా, అస్థానంలో వాడుతున్నారని తన వెబ్‌సైట్లో తప్పుపట్టింది. అయినా కుర్రవాళ్ళు హాయిగా అంటూనే ఉన్నారు.

ఒక చిన్న పరీక్ష చెబుతాను. మీరు రాసిన జవాబు ముందు థాంక్స్ తీసేసి సారీ పెట్టి చదవండి. జవాబు ఇంకా హాయిగా అతికిందంటే, అది నష్టాన్ని మాఫీ చేసే మాట. “మై ప్లెజర్”కి ముందు సారీ పెట్టండి, అస్సలు అతకదు. “పర్లేదు”కి పెట్టండి, ఇంకా బాగా అతుకుతుంది.

నిర్మొహమాటం

మీ పరీక్ష ఇక్కడ నిలబడదు శేషగిరి గారూ. “అంత మాటెందుకండీ” తీసుకోండి. థాంక్స్‌కీ అంటాం. ఎవరైనా చేతులు జోడించి “తప్పైపోయింది, క్షమించండి” అన్నా అదే అంటాం. మరి అది కూడా నష్టాన్ని మాఫీ చేసే మాటేనా? ఆస్పత్రి సీనులో “అంత మాటెందుకమ్మా” పెడితే నాకు చక్కగా అతుకుతోంది.

శేషగిరి

ఒప్పుకుంటున్నాను. నా పరీక్షకి మీరు పట్టుకున్నది నిజమైన చిల్లు. రాత్రంతా దీని గురించే ఆలోచించాను.

నేను సారీ, థాంక్స్ అని విడదీయడం దగ్గర ఆగిపోయాను. చూడాల్సింది నేను ముందు అన్న సంగతినే, అంటే దేన్ని కొట్టేస్తున్నాం అన్నదాన్ని. “పర్లేదు” నాకు పడ్డ ఇబ్బందిని కొట్టేస్తుంది. “దాందేముంది” చేసిన పని పరిమాణాన్ని కొట్టేస్తుంది, దె నాద లాగా. “అంత మాటెందుకు” అయితే ఇబ్బందినీ ముట్టుకోదు, పనినీ ముట్టుకోదు. అవతలివాళ్ళు పలికిన మాటనే వెనక్కి పంపేస్తుంది. మీరు నాతో అంత బరువైన మాట అనక్కర్లేదు, అని. అందుకే థాంక్స్‌కీ సారీకీ రెండిటికీ చెల్లుతుంది. రెండూ బరువైన మాటలే కాబట్టి.

ఇంగ్లీషు “డోంట్ మెన్షన్ ఇట్” సరిగ్గా ఇదే పని చేస్తుంది. ఆ మాటే ఎత్తకండి, అని. కాబట్టి మాటలగది గారి పెద్దాయనకి “అంత మాటెందుకు” దొరికేసింది.

మాటలగది

శేషగిరి గారూ, నిర్మొహమాటం గారూ, మీ ఇద్దరికీ చాలా థాంక్స్. పెద్దాయనకి “అంత మాటెందుకయ్యా” అని రాసేశాను. ఎదురుగా ఉన్నది కుర్రాడు కాబట్టి అయ్యా బాగుంది. ఇక్కడ ఇంకో ఇబ్బంది కూడా చెప్పాలి. ఇంగ్లీషులో “నో వరీస్” యజమానికీ అదే, స్నేహితుడికీ అదే. తెలుగులో “దాందేముంది” అని విడిగా వదిలేస్తే మొండిగా ఉంటుంది. అండీ, రా, అమ్మా, అన్నా, ఏదో ఒకటి తగిలించాలి. తగిలించగానే వాళ్ళిద్దరి మధ్య బంధం నేను తేల్చేసినట్టే. ఇంగ్లీషు రచయిత తేల్చకుండా వదిలేసినదాన్ని.

ఆస్పత్రి సీనుకి వద్దాం. “అంత మాటెందుకమ్మా” అర్థంలో బాగుంది, కానీ పెదవులకి సరిపడదు. క్లోజప్ కదా, చూసేవాళ్ళకి పెదవులే కనిపిస్తాయి. ప, బ, మ పలికితే పెదవులు మూసుకోవాలి, అది దాచలేం. “నో వరీస్” అన్నప్పుడు ఆయన పెదవులు ఎక్కడా మూసుకోవు. ముందు గుండ్రంగా అవుతాయి, చివర్న పక్కలకి సాగుతాయి. “అంత మాటెందుకమ్మా”లో మా దగ్గర ఒకసారి, మ్మా దగ్గర ఒకసారి మూతపడాలి. “పర్లేదు”కి కూడా మొదట్లోనే ఆ మూత ఉందని ఇప్పుడు గమనించాను. “దాందేముంది”లో ము ఉంది. మ లేని మాట కావాలి, మొదట్లో ఓ, చివర్లో ఇ ఉన్న మాట.

హిమజ

ఇంత చూస్తారా! నాకు తెలియదు. “అయ్యో” అంటే? “యో” దగ్గర పెదవులు గుండ్రంగానే అవుతాయి కదా.

లత_చాట్

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నేను కస్టమర్ కేర్‌లో తెలుగు చాట్ చూస్తాను. కస్టమర్ థాంక్స్ అని టైప్ చేస్తే మాకు ముందే రాసిపెట్టిన జవాబు ఒకటుంది: “మీకు స్వాగతం!” దాన్ని మార్చే అధికారం మాకు లేదు. పోయిన నెలలో ఒకాయన సమస్య తీరి వెళ్ళిపోబోతూ “థాంక్సండీ” అన్నారు. నేను బటన్ నొక్కాను, “మీకు స్వాగతం” అని వెళ్ళింది. ఆయన “మళ్ళీ మొదటి నుంచీ చెప్పాలా?” అని అడిగారు. చాట్ కొత్తగా మొదలైందనుకున్నారు పాపం. మళ్ళీ పది నిమిషాలు పట్టింది సర్దిచెప్పడానికి.

ఇది ఎవరికి చెప్పినా “యూ ఆర్ వెల్కమ్ అంటే అదే కదా” అంటున్నారు. ఏమని వాదించాలి?

శేషగిరి

లత గారూ, మీ కస్టమర్ అడిగిందే గట్టి సాక్ష్యం. “స్వాగతం” తెలుగులో వచ్చేవాళ్ళకి చెప్పే మాట. ఆయన వెళ్ళిపోతున్నారు. ఇంగ్లీషు “వెల్కమ్”కి రెండు పనులున్నాయి. మీరు అడిగింది అందుకోవడానికి మీకు చొరవ ఉంది, ఎప్పుడైనా తీసుకోవచ్చు అనేది రెండోది. మన “స్వాగతం”కి ఆ రెండో పని లేదు. దాని బదులు “మీకు ఉపయోగపడినందుకు సంతోషం” అని పెట్టమని అడగండి. చాట్‌లో అది సహజంగా ఉంటుంది, అవతలివాళ్ళు వెళ్ళిపోవచ్చని కూడా తెలుస్తుంది.

అయితే ఒక్క మాట నిజాయితీగా చెప్పాలి. ఇలాంటి అరువు ఎప్పటికీ నిలవదని నేను అనలేను. కెనడాలోని క్యూబెక్‌లో ఫ్రెంచివాళ్ళు థాంక్స్‌కి “బియాఁవెన్యూ” అంటారు, ఇంగ్లీషు “వెల్కమ్”కి నకలుగా వచ్చిందే. ఫ్రాన్స్‌వాళ్ళకి అది వింతగా వినిపిస్తుంది, అక్కడివాళ్ళకి మాత్రం అది ఇంటి మాట. ఇరవై ఏళ్ళ తర్వాత తెలుగు పిల్లలు “స్వాగతం” అంటే నేను ఆపలేను.

కిట్టు_98

శేషగిరి గారూ, మా చెల్లి ఇప్పటికే అంటోంది సార్ 🙂 ఆన్‌లైన్ పాఠాల్లో విని నేర్చుకుంది.

సుధారాణి

మొదట నేను ప్రశ్నే సరిగ్గా చదవలేదు, ఇప్పుడు మొత్తం చదివాను. నాకొకటి అనిపిస్తోంది. ఆ పక్కింటాయన ఏదైనా అనాలా? మా నాన్నగారు ఎవరు థాంక్స్ చెప్పినా జవాబిచ్చేవారు కాదు. తల ఒక పక్కకి ఊపి, వేరే విషయం మాట్లాడేవారు. “భోంచేశావా” అనో, “బస్సు దొరికిందా” అనో. అదే ఆయన జవాబు. మాట కంటే అదే నాకు ఎక్కువ గుర్తుంది.

శేషగిరి

సుధారాణి గారూ, మీ నాన్నగారి పద్ధతి ప్రపంచంలో చాలామందిది. 2018లో ఎనిమిది భాషల్లో మనుషులు ఇంట్లో, తెలిసినవాళ్ళ మధ్య మామూలుగా మాట్లాడుకునే రికార్డింగులు పరిశీలించి ఒక అధ్యయనం ప్రచురించారు. ఎవరైనా అడిగిన పని చేసిపెట్టాక థాంక్స్ లాంటి మాట వినిపించింది ఇరవైసార్లలో సుమారు ఒకసారే. ఇంగ్లీష్, ఇటాలియన్‌లలో కాస్త ఎక్కువ. ఈక్వడార్‌లోని చాపలా భాషలో అయితే థాంక్యూ అనడానికి స్థిరపడ్డ మాటే లేదు. అక్కడ మర్యాద లేదని కాదు, తెలిసినవాళ్ళ మధ్య సాయం అడిగితే చేస్తారన్నది అందరూ ఎరిగిన విషయమే కాబట్టి మళ్ళీ చెప్పుకోరు.

మన “మనలో మనకి థాంక్సేంటి” అక్కడి నుంచే వస్తుంది. థాంక్స్ చెబితే దూరం పెట్టినట్టు. హిమజ గారు చెప్పిన “అతిథిలా ఉండకు” కూడా అదే గూటి మాట.

నిర్మొహమాటం

అయితే “మనలో మనకి థాంక్సేంటి” ఆస్పత్రి సీనుకి సరిపోతుందేమో?

మాటలగది

సరిపోదండీ. వాళ్ళిద్దరూ ఆ రాత్రికి ముందు మెట్ల మీద ఎదురైతే తలూపుకునేంత పరిచయస్తులే. “మనలో మనకి” అంటే లేని చనువు తీసుకున్నట్టవుతుంది. తర్వాతి ఎపిసోడ్‌లలో ఆ దగ్గరితనం మెల్లగా పెరగాలి, నేను ఇప్పుడే ఇచ్చెయ్యకూడదు.

సుధారాణి గారు చెప్పింది మాత్రం పట్టుకున్నాను. నోరు కదులుతోంది కాబట్టి మౌనం కుదరదు. కానీ ఆయన తల పక్కకి ఊపుతాడు, మళ్ళీ చూశాను. హిమజ గారి “అయ్యో” దగ్గర మొదలుపెట్టి ఇలా రాశాను: “అయ్యో, దేనికి!”

“యో” దగ్గర పెదవులు గుండ్రం, సరిగ్గా ఆయన “నో” మీద పడుతుంది. “దేనికి”లో మూసుకునే అక్షరం లేదు, చివర కి దగ్గర పెదవులు పక్కలకి సాగుతాయి, అది “రీస్” మీద పడుతుంది. అక్షరాలు రెండు ఎక్కువ. కానీ “నో”కి ముందు ఆయన నోరు తెరిచి ఊపిరి తీసుకుంటాడు, “అ” అందులో ఇమిడిపోతుంది. అర్థంలో చూస్తే ఇది రష్యన్ “నే జా ష్తో”కి దగ్గరగా ఉంది, “థాంక్స్ దేనికి” అని. ముఖ్యంగా అమ్మా, అండీ ఏదీ తగిలించక్కర్లేదు. బంధం తేల్చకుండా వదిలేయొచ్చు.

నిన్న రికార్డ్ చేశాం. మొదటి టేక్‌లో ఆర్టిస్టు “దేనికీ?” అని ప్రశ్నలా సాగదీశాడు. నిజంగా కారణం అడుగుతున్నట్టు వచ్చింది. రెండోసారి “దేనికి” మీద గొంతు దించి, కి దగ్గర దాదాపు వినపడనట్టు వదిలెయ్యమన్నాను. సరిపోయింది. ఇంజనీరు ఈసారి ఏమీ అనకుండా తర్వాతి లూప్ పెట్టేశారు.

కిట్టు_98

సూపర్ అన్నా. అయినా నేను మాత్రం “పర్లేదు” అంటూనే ఉంటా. నా ఫ్రెండ్స్‌లో ఎవరికీ అది నష్టం లెక్కలా వినపడదు, నిన్న నలుగురిని అడిగాను. మా వయసువాళ్ళకి ఆ మాట మారిపోయిందేమో.

శేషగిరి

మారి ఉండొచ్చు బాబూ. థాయ్‌లాండ్‌లో “మై పెన్ రై” అనే ఒకే మాట సారీకీ థాంక్స్‌కీ రెండిటికీ ఎవరినీ నొప్పించకుండా నడుస్తోంది. “పర్లేదు” కూడా అటే వెళ్తోందేమో. నీ నలుగురు మిత్రులనీ ఇంకొకటి అడుగు: పెన్ను ఇచ్చినప్పుడు కాకుండా, ఎవరికైనా రక్తం ఇచ్చి వచ్చాక వాళ్ళమ్మ థాంక్స్ చెబితే అప్పుడేమంటారో.

కిట్టు_98

అడిగాను సార్. ఇద్దరు “పర్లేదు ఆంటీ” అన్నారు. ఒకడు “అయ్యో ఆంటీ” అని ఆగిపోయాడు. ఇంకొకడు ఏమీ అనలేనన్నాడు.

లత_చాట్

మా మేనేజర్‌కి ఆ కస్టమర్ చాట్ స్క్రీన్‌షాట్ పంపించాను. “మీకు ఉపయోగపడినందుకు సంతోషం” పొడవెక్కువైంది, బటన్ మీద పట్టదు అన్నారు. రెండు మాటల్లో కావాలట. ఏదైనా ఉందా?

హిమజ

“సంతోషమండీ” అంటే ఒక్క మాటే కదా?

మాటలగది

హిమజ గారూ, నా రిసెప్షన్ అమ్మాయి “మై ప్లెజర్”కి కూడా అదే రాసి చూశాను. మ దగ్గర పెదవులు కూడా దాదాపు కలుస్తున్నాయి. కానీ అలా విడిగా వింటే థాంక్స్ అందుకుని తను సంతోషపడినట్టుందా, సాయం చేసినందుకు సంతోషపడినట్టుందా అని తేల్చుకోలేకపోతున్నాను. ఆ లూప్ శనివారం రికార్డింగ్‌కి ఉంది. లత గారి బటన్‌కీ నా అమ్మాయికీ కలిపి ఇంకేదైనా తడితే ఈలోగా చెప్పండి.